అట్ట తిరిగితేనే ఆఖరి వాయిదా

ఈ భూమిని చేసినవాడు దాన్ని మా నానమ్మకు అమ్మి ఉంటే, ఆఖరి వాయిదా డబ్బు కోసం ఆయన ఇవాళ్టికీ మా షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "సముద్రం ఇంకా కుదురుగా నిలబడలేదు నాయనా. ఆ కొండలు చూడు, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. సరిచేసి, తిప్పి చూపించు, అప్పుడు చూద్దాం" అనేది నానమ్మ. మంచినీళ్లు మాత్రం ఇప్పించేది. అందులో లోటు చేసే మనిషి కాదు.

మాది అట్టపెట్టెల షెడ్డు. సబ్బులకు, కొవ్వొత్తులకు, మందు సీసాలకు పైన ఉండే చిన్న పెట్టెలు చేస్తాం. మీరు పెట్టె విప్పి సబ్బు తీసుకుని పెట్టెను పారేస్తారు చూడండి, ఆ పారేసేదే మా బతుకు. నానమ్మ పెళ్లయిన కొత్తలో ఎవరి ఇంటి వరండాలోనో కూర్చుని వందకింత అని జిగురు రాసిందట. తరవాత ఒక బల్ల కొంది, తరవాత మూడు. ఇప్పుడు రేకుల షెడ్డు, పద్నాలుగు మంది పనివాళ్లు, పాత కటింగ్ మిషన్ ఒకటి, నేను. పదో తరగతి నన్ను రెండుసార్లు తప్పించింది, మూడోసారి నేనే దాన్ని తప్పించుకున్నాను. అప్పటినుంచి జిగురు బల్ల దగ్గర ఉన్నాను. "చదువు అంటలేదు, జిగురైనా అంటుతుందేమో చూద్దాం" అని నానమ్మ నన్ను చేర్చుకుంది.

ఆవిడ గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురుంటుంది. కళ్లజోడు చెవి దగ్గర విరిగితే పెట్టెల కట్టకు వాడే పురికొసతో కట్టుకుంది. కొత్త అట్ట వచ్చిందంటే ముందు చెంపకు ఆనించి చూస్తుంది. తడి ఎక్కిన అట్ట చెంపకు చల్లగా తగులుతుందట. మా బాబాయి దాన్ని "అమ్మ అట్టను ముద్దు పెట్టుకోవడం" అంటాడు. ఆయన ఈ మాట నానమ్మకు వినపడకుండా అంటాడు. నేను వినపడేలా అంటాను. అందుకే ఆయన జీతం పెరిగింది, నాది పెరగలేదు.

కథ మొదలైంది సబ్బు కంపెనీవాళ్ల వల్ల. ఇంతకాలం మా దగ్గర నెలకింత అని తీసుకునేవాళ్లు ఇకమీద మూడింతలు కావాలన్నారు. చేతితో జిగురు పెట్టి మూడింతలు ఇవ్వాలంటే మా అందరికీ ఇంకో రెండు చేతులు మొలవాలి. కాబట్టి అట్టను దానంతట అదే మడిచి, జిగురు పెట్టి, నొక్కి, అవతల వరసగా పేర్చే యంత్రం కొనాలని నిర్ణయమైంది. నానమ్మ దాచుకున్నదంతా, దానిమీద బ్యాంకు అప్పు. యంత్రం తిరిగినా తిరగకపోయినా బ్యాంకు వాయిదా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తిరగకపోతే సబ్బు కంపెనీ పోతుంది, వెనకే షెడ్డు పోతుంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

యంత్రాలమ్మే కంపెనీనుంచి ఒక సేల్స్ మేనేజర్ వచ్చాడు. మేం ఆయనకు పెట్టిన పేరు అలాగేనండి. ఏం అడిగినా అలాగేనండి అంటాడు. తొందరగా పంపుతారా? అలాగేనండి. బెల్టులు రెండు ఎక్కువ ఇస్తారా? అలాగేనండి. కొటేషన్ కాగితం తీసి చూస్తే అందులో ఒక్క అలాగేనండి కూడా లేదు. ఆర్డరుతో సగం, మిగతా సగం యంత్రం వాళ్ల గేటు దాటకముందే కట్టాలి.

నానమ్మ ఆ కాగితాన్ని అట్టలాగే చెంపకు ఆనించుకుంటుందేమో అనుకున్నాను. ఆనించలేదు. మడిచి బల్లమీద పెట్టింది.

"మీ యజమానితో మాట్లాడాలి బాబూ."

"అలాగేనండి. కానీ మా కంపెనీలో వాయిదాలు ఉండవండి."

"ఉండవని ఆయన నోటితోనే వింటాను."

నానమ్మకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. మా తాతయ్య బతికున్న రోజుల్లో పెట్టెలకు పిన్నులు కొట్టే యంత్రం ఒకటి కొన్నాడు. అమ్మినవాడు తియ్యగా మాట్లాడాడని డబ్బంతా ముందే ఇచ్చేశాడు. యంత్రం వచ్చింది, బిగించే మనిషి రాలేదు. అడిగితే రేపన్నారు, ఎల్లుండన్నారు, తరవాత ఎవరు మీరన్నారు. ఆ యంత్రం టార్పాలిన్ కింద ఉండగానే పిల్లి దాంట్లో రెండు ఈతలు ఈనింది. తాతయ్యేమో "పోనీలే, పిల్లికైనా పనికొచ్చింది" అన్నాడట. ఆయన మీద నానమ్మకు ఉన్న ప్రేమ ఆ ఒక్క మాటతో సగమైందని బాబాయి అంటాడు. నానమ్మేమో పావైందని అంటుంది.

నానమ్మ, బాబాయి, నేను యంత్రాల కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. అద్దాల గది. గోడమీద యంత్రాల ఫొటోలు దేవుడి పటాల్లా వరసగా ఉన్నాయి. యజమాని పెద్దాయనే, తెల్లచొక్కా జేబుమీద నూనె మరక ఉంది. ఆ మరక చూసి నానమ్మ మొహం కాస్త మెత్తబడింది. యంత్రం ముట్టుకునే మనిషి అని లెక్క.

"డబ్బు ఎగ్గొడదామని కాదండీ," అంది నానమ్మ. "నాలుగు ముక్కలుగా ఇస్తాను. ఆర్డరుతో కొంత. యంత్రం మా వాకిట్లో దిగి, మీ జాబితా ప్రకారం అన్నీ వచ్చాయని చూసుకున్నాక కొంత. బిగించి, కరెంటిచ్చి, ఖాళీగా తిప్పి చూపించాక కొంత. మా అట్టతో మా పనివాళ్లు పూర్తి షిఫ్టు నడిపాక మిగతాది."

"మరి నేను మోటార్లు, ఇనుము దేనితో కొనాలమ్మా?"

"అందుకేగా ఆర్డరుతో కొంత ఇస్తానన్నాను. నూటికి పది."

"పది రూపాయలకి మోటారు ఫొటో వస్తుంది."

బాబాయి నవ్వబోయి నానమ్మ మొహం చూసి ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు.

యజమాని ముందుకు వంగాడు. "మీతో నాకేం అనుమానం లేదు. కానీ యంత్రం మీ షెడ్డులో దిగాక మీరు ఇవ్వకపోతే నేనేం చెయ్యాలి?"

"ఇంత యంత్రాన్ని చంకన పెట్టుకుని పారిపోతానా అండీ?"

"పారిపోరు. అక్కడే ఉంటారు. ఉండీ ఇవ్వరు. అదమ్మా నా బాధ. ఒకాయన ట్రయల్ ఇంకా అవలేదు, ఇంకా అవలేదు అంటూ రెండేళ్లు నా యంత్రం మీద పెట్టెలు చేసుకుని అమ్ముకున్నాడు. చివరకు ఆయన కూతురి పెళ్లి కార్డు కూడా నా యంత్రం మీద చేసిన పెట్టెలోనే వచ్చింది."

నానమ్మ తన పిల్లి కథ చెప్పింది. ఆయన ఆ పెళ్లి పెట్టె సొరుగులోంచి తీసి చూపించాడు. ఇద్దరూ ఒకరి దెబ్బలు ఒకరు చూసుకున్నాక బేరం సులువైంది.

ఆర్డరుతో నూటికి ముప్ఫై. ఆ ముప్ఫైకి ఆయన బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి, అంటే యంత్రం పంపకపోతే బ్యాంకే మాకు తిరిగి కట్టాలి. దిగాక నలభై. బిగించాక పదిహేను. మా అట్టతో షిఫ్టు నడిచాక చివరి పదిహేను. నానమ్మ కోరినవి ఇవి. ఆయన కోరినవీ మూడు చేరాయి. యంత్రం దిగిన పదిహేను రోజుల్లో మా చోటు సిద్ధం కాక బిగించడం ఆగిపోతే, తప్పు మాది కాబట్టి బిగించే వాయిదా ఎలాగూ కట్టాలి. బిగించాక ట్రయల్‌కు అట్ట, మనుషులు ఇవ్వకుండా మేం నెలదాకా లాగితే చివరిదీ కట్టాలి. ఇక ట్రయల్ అవకముందే యంత్రం మీద అమ్మకానికి పెట్టెలు చేశామంటే, యంత్రం నచ్చిందని ఒప్పుకున్నట్టే.

"మీ పెళ్లి కార్డు షరతు," అంది నానమ్మ, చివరిది చదివి.

"అవునమ్మా."

"న్యాయమే. రాయండి."

పక్కనే కూర్చున్న అలాగేనండి ఆ రోజు ఒక్కసారి కూడా అలాగేనండి అనలేదు. ఎవరూ ఆయనను ఏమీ అడగలేదు.

ఇక మా ఘనకార్యం చెప్పాలి. యంత్రం లోపలికి వెళ్లడానికి గుమ్మం ఎంత వెడల్పు ఉండాలో కంపెనీవాళ్లు ముందే కాగితం పంపారు. మా షెడ్డులో టేపు ఉంది. ఎక్కడుందో ఎవరికీ తెలియదు, అవసరం కూడా రాదు. మేం ఏది కొలిచినా అట్టల షీట్లతోనే కొలుస్తాం. బల్ల రెండు షీట్లు, అల్మరా షీటున్నర, నేను నిలబడితే షీటుమీద రెండు జానలు. షీటు పొడవు ఎంతో పుట్టినప్పటినుంచీ అందరికీ నోటికి వచ్చు. బాబాయి ఆ లెక్కతో యంత్రాన్ని షీట్లలోకి మార్చాడు. గుమ్మం దగ్గర అట్టలు పరిచి కొలిచాడు. "హాయిగా వెళ్తుందమ్మా, చుట్టూ చెయ్యి పట్టేంత చోటు కూడా ఉంది" అన్నాడు. నానమ్మ తానూ పరిచి చూసి సరే అంది.

అంతకు ముందు ఏడాదే మేం అట్ట కొనే మిల్లు మారాం. కొత్త మిల్లు షీటు పాతదానికంటే నాలుగు వేళ్లు పొట్టి. అది మా అందరికీ తెలుసు, పెట్టెల లెక్కలన్నీ మార్చుకున్నాం కూడా. గుమ్మానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. బాబాయి లెక్క కట్టింది పాత పొడవుతో, పరిచింది కొత్త షీట్లు.

యంత్రం వచ్చింది. క్రేను లారీమీంచి దింపింది. జాబితా ప్రకారం ప్రతి పెట్టె, ప్రతి బోల్టు సంచి చూసుకుని నానమ్మ సంతకం పెట్టింది, నలభై కట్టేసింది. తరవాత రోలర్ల మీద పెట్టి లోపలికి నెట్టారు. గుమ్మం దాకా వచ్చి ఆగింది. క్రేను మనిషి వంగి అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఇది పోదమ్మా."

"ఎందుకు పోదు? కొలిచాం."

"దేనితో కొలిచారు?"

బాబాయి ఉన్నట్టుండి లారీ టైర్లలో గాలి సరిపోయిందో లేదో చూడటం మొదలెట్టాడు. నేను లోపలికెళ్లి ఒక షీటు తెచ్చి నానమ్మ చేతికిచ్చాను. అది నిజంగా సాయం చేద్దామనే. ఆవిడ నన్ను చూసిన చూపు మటుకు అట్టను కూడా మడిచేది.

గోడ పగలగొట్టాలి. గుమ్మం పైన కాంక్రీటు దూలం ఉంది, దాన్ని మార్చాలి. షెడ్డు మాది కాదు, అద్దెది. షెడ్డు యజమాని ఒప్పుకోవడానికి ఆయన అల్లుడు ఇంజనీరు వచ్చి చూడాలి, ఆ అల్లుడికి మామతో మాటల్లేవు. మొత్తానికి యంత్రం టార్పాలిన్ కింద వాకిట్లో పడుకుంది. ఒకరోజు పొద్దున్న చూస్తే మా వీధి పిల్లి దానిమీద ఎండ కాచుకుంటోంది. నానమ్మ చీపురుతో దాని వెంట పడింది. ఆవిడ పరిగెత్తడం నేను చూడటం అదే మొదలు.

బిగించే ఫిట్టర్ చెప్పిన రోజుకే వచ్చాడు. టార్పాలిన్ ఎత్తి చూశాడు, గోడ చూశాడు, మంచినీళ్లు తాగాడు, చోటు సిద్ధంగా లేదని మాచేత రాయించుకుని వెళ్లిపోయాడు. పదిహేను రోజులు దాటాయి. బిగించిన వాయిదా కట్టమని కంపెనీ ఇన్‌వాయిస్ వచ్చింది.

బాబాయి మండిపడ్డాడు. "బిగించనిదానికి బిగించిన డబ్బేంటమ్మా? ఆ మామా అల్లుళ్ల గొడవ మన తప్పా? కట్టొద్దు. అడిగితే అప్పుడు చూసుకుందాం."

"ఎవరు కొలిచారు?"

బాబాయి ఇన్‌వాయిస్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేనూ పరిచి చూశాగా. రాసుకున్నది మనం, కొలుచుకున్నది మనం. కట్టు."

"ఊరికే మంచితనానికి పోతున్నావు."

"మంచితనం ఎవడిక్కావాలిరా? రేపు ఆయన తప్పుంటే ఆయన్ని ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆ డబ్బు కోసం కొత్త షట్టరు మానుకున్నాం. పగలగొట్టిన గోడకు రెండు నెలలు టార్పాలినే తలుపైంది.

చివరికి దూలం మారింది, యంత్రం లోపలికి వచ్చింది, ఫిట్టర్ మళ్లీ వచ్చి నాలుగు మూలలూ లెవెల్ చూసి బిగించాడు. కరెంటిచ్చి ఖాళీగా తిప్పితే పిల్లి గురకలాంటి చప్పుడు. ఆ పోలిక నేను పైకి అనలేదు. అన్ని సందర్భాలూ నేను వృథా చేసుకోను మరి.

ట్రయల్ రోజు అలాగేనండి గారు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో చిన్న కట్ట అట్టలు. నునుపుగా, బల్లలాగా తిన్నగా ఉన్నాయి. యంత్రం వాటిని నీళ్లలా మింగింది. పెట్టెలు అవతల టపటపా పడుతుంటే పనివాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన, యంత్రం సరిగ్గా నడిచిందని మేం సంతకం పెట్టాల్సిన కమిషనింగ్ కాగితం తీసి, పెన్ను మూత కూడా తీసి పెట్టాడు.

"అది మీ అట్ట బాబూ. ఇప్పుడు నా అట్ట పెట్టండి."

మా అట్ట పాత కాగితం నలగ్గొట్టి చేసింది. వానాకాలం కదా, అంచులు కాస్త వంకర తిరుగుతాయి. చౌకగా వస్తుంది, పెట్టె గట్టిగా ఉంటుంది, మా బేరమంతా దానిమీదే. యంత్రం ముందు బెల్టులు ఆ వంకర అట్టను ఒకసారి పట్టేవి కావు, ఒకసారి రెండేసి పట్టేవి. రెండు కలిసి లోపలికెళ్తే జిగురుతో ముద్దై ఇరుక్కునేవి. ఆపడం, లాగడం, తుడవడం, మళ్లీ తిప్పడం. భోజనాల వేళకి యంత్రం ముందు నలిగిన అట్టల గుట్ట.

"చిన్న సర్దుబాటేనండి," అన్నాడు ఆయన. "మా నిపుణుడు వచ్చేవారం వస్తాడు. మీరీలోగా సంతకం పెట్టేస్తే..."

"వచ్చేవారం వస్తాడా? అయితే సంతకమూ వచ్చేవారమే వస్తుంది."

"నెలాఖరమ్మా. నాకు టార్గెట్ ఉంది."

"నాకు సబ్బులున్నాయి."

అసలు చిక్కు అదే. సబ్బు కంపెనీకి మొదటి పెద్ద సరుకు ఆ వారమే ఇవ్వాలి. యంత్రం ఎదురుగా ఉంది. మనిషి పక్కన నిలబడి ఇరుక్కున్నదల్లా లాగుతూ పోతే సగం వేగంతోనైనా పెట్టెలు వస్తాయి. బాబాయి బతిమాలాడు.

"తిప్పేద్దామమ్మా. సరుకిచ్చేద్దాం. తరవాత వాళ్లచేత బాగుచేయించుకుందాం."

"పెళ్లి కార్డు షరతు మర్చిపోయావా? ఒక్క పెట్టె అమ్మానంటే ఇది నచ్చిందని నేనే చెప్పినట్టు. ఆ తరవాత ఇది రెండేసి మింగినా, మూడేసి మింగినా నా ఖర్మ."

"మరి సరుకు?"

"చేతులేం చేశాయిరా? పడిపోయాయా?"

సబ్బు కంపెనీకి ఫోన్ చేసి సగం ఇప్పుడు, సగం వచ్చేవారం ఇస్తానని అడిగింది. వాళ్లు సరేనన్నారు గానీ, ఆ సగమైనా తప్పితే ఆర్డరు వేరేవాళ్లకు పోతుందని నవ్వకుండా చెప్పారు. ఇక పద్నాలుగు మంది పనివాళ్లు, బాబాయి, పిన్ని, నేను, ఎప్పుడో పని మానేసిన ఇద్దరు ముసలమ్మలు అందరం బల్లల చుట్టూ చేరాం. అంత ఖరీదైన యంత్రం మధ్యలో పెళ్లికూతురిలా ముస్తాబై కూర్చుంది, మేమందరం దాని చుట్టూ చేతితో జిగురు రాస్తున్నాం. పక్క షెడ్డువాడు తొంగిచూసి "అలంకారానికి కొన్నారా?" అన్నాడు. నానమ్మ తల ఎత్తకుండా "మీ ఇంట్లో నువ్వున్నట్టే" అంది.

ఆ మధ్యాహ్నమే జిగురు చేతితోనే ఫోన్ తీసి యజమానికి చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఈవిడ తిడుతుందని ఆశపడ్డాను. తిట్టలేదు.

"మీ అట్టతో బాగానే ఉందండీ. మా అట్టతో నడవడం లేదు. రాసుకున్నది మా అట్టతో అని. దానిమీద నేను ఒక్క పెట్టె అమ్మలేదు. వచ్చి చూసుకోండి, అందరం చేతులతో రాస్తున్నాం."

అవతలినుంచి ఆయన గొంతు నాకూ వినపడింది.

"చూడక్కర్లేదమ్మా. బిగించకముందే బిగించిన వాయిదా కట్టిన మనిషి మీరు. నడవలేదంటే నడవలేదు. మా వాడు రేపు కాదు, ఇవాళే బయల్దేరతాడు."

నానమ్మ ఫోన్ పెట్టేసి బాబాయి వంక చూడనైనా చూడలేదు. చూడకపోవడమే పెద్ద చూపు. బాబాయి జిగురు గిన్నెలోకి మొహం దాచుకున్నాడు.

వచ్చింది పాత ఫిట్టరే, వెంట నిపుణుడూ ఉన్నాడు. వంకర అట్టను గట్టిగా పట్టే గరుకు బెల్టులు వేశారు, ఒక్కో అట్టనే వదిలే పలక కింద సందు తగ్గించారు, అడుగునుంచి గాలితో పీల్చి పట్టే భాగం ఒకటి చేర్చారు. ఈ పని అంతా వాళ్ల ఖర్చే. మొదటిరోజు నడిపితే ఇంకా ఇరుక్కుంది. రెండోరోజు అప్పుడప్పుడు. మూడోరోజు పొద్దున్న మొదలెట్టి షిఫ్టు పూర్తయ్యేదాకా మా అట్ట, మా మనుషులు, మా తేమ. ఒప్పుకున్న వేగం తగ్గలేదు, పాడైన అట్ట ఒప్పుకున్నదానికంటే తక్కువే. నానమ్మ ఆ షిఫ్టంతా స్టూలు వేసుకుని యంత్రం నోటి దగ్గరే కూర్చుంది. మధ్యలో భోజనానికి రమ్మంటే, "ఇది తినడం అయ్యాక నేను తింటాను" అంది.

సాయంత్రం సంతకం పెట్టింది. చివరి పదిహేను అదే సాయంత్రం పంపించింది. అలాగేనండి గారు కాగితం మడుస్తూ, "ఇంకో యంత్రం కావాలంటే చెప్పండమ్మా, మీరు చెప్పిన పద్ధతిలోనే వాయిదాలు ఇద్దాం" అన్నాడు. నానమ్మ "అలాగేనండి" అంది. షెడ్డంతా గొల్లున నవ్వింది. పాపం ఆయన కూడా నవ్వాడు.

సబ్బు కంపెనీకి మిగతా సగం యంత్రం మీదే వెళ్లింది. పద్నాలుగు మందిలో ఎవరినీ తీసెయ్యలేదు. జిగురు రాసేవాళ్లు ఇప్పుడు యంత్రానికి అట్ట అందిస్తారు, కట్టలు కడతారు, ఇంతకుముందుకంటే ఎక్కువ కబుర్లు చెప్పుకుంటారు. టేపు దొరికింది. షీట్లతో కొలవడం మాత్రం మానలేదు.

ఇదంతా రాసి నానమ్మకు చదివి వినిపించాను. ఆవిడ అట్ట కట్ట మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఎక్కడా నవ్వకుండా వింది. చివర్లో, "ఎలా ఉంది నానమ్మా? నీ గురించి ఇంత ఎవరైనా రాశారా?" అని అడిగాను.

"నీకంటే ఆ ఫిట్టరే నయమే," అంది. "పనయ్యాక నోరు మూసుకుని వెళ్లిపోయాడు."